చిరునామా చూడని రూటర్లు

"లింకు పోయిందండీ, కాసేపాగి రండి." బ్యాంకు కౌంటరు దగ్గర ఈ మాట వినని ఖాతాదారు ఉండడు. పోయిన ఆ లింకు ఏమిటని శాఖలో కంప్యూటర్లు చూసే కుర్రాణ్ణి అడిగితే "ఎంపీఎల్ఎస్ అండీ" అంటాడు. అతని లెక్కలో అది ఒక లైను పేరు, టెలికాం కంపెనీ నెలనెలా బిల్లు వేసే సరుకు పేరు. నిజానికి ఎంపీఎల్ఎస్ లైనూ కాదు, తీగా కాదు. టెలికాం కంపెనీ లోపలి రూటర్లు ప్యాకెట్లను అందుకుని ముందుకు పంపే ఒక పద్ధతి. పూర్తి పేరు మల్టీప్రోటోకాల్ లేబుల్ స్విచింగ్. ప్యాకెట్ చేరవలసిన చిరునామాను దారిలో ఉన్న ప్రతి రూటరూ చదివి వెతుక్కోకుండా, దాని ముందు తగిలించిన ఒక చిన్న నంబరును చూసి పంపేయడమే అందులోని కిటుకు.

ఈ పద్ధతి వేగం కోసం పుట్టింది. ఆ అవసరం తీరిపోయి చాలా ఏళ్లయింది. అయినా పద్ధతి పోలేదు, పైగా టెలికాం కంపెనీలన్నీ దాని మీదే స్థిరపడ్డాయి. ఎందుకో తెలియాలంటే ముందు మామూలు ఐపీ రూటరు పడే శ్రమ ఏమిటో చూడాలి.

ప్యాకెట్ రాగానే రూటరు అందులోని గమ్యం చిరునామా తీస్తుంది. ఐపీవీ4 అయితే అది 32 బిట్ల సంఖ్య. దాన్ని పట్టుకుని తన టేబుల్‌లో వెతుకుతుంది. ఆ టేబుల్‌లో ఒక్కొక్క చిరునామాకూ ఒక్కొక్క వరుస ఉండదు. 400 కోట్లు దాటిన చిరునామాలకు వరుసలు రాసుకోవడం అయ్యే పని కాదు. అందుకని గుంపులుగా రాసుకుంటారు. 172.16.0.0/16 అని ఉంటే, మొదటి 16 బిట్లు ఇలాగే ఉన్న చిరునామాలన్నీ ఫలానా వైపు అని అర్థం. ఈ గుంపును ప్రీఫిక్స్ అంటారు. అదే టేబుల్‌లో 172.16.5.0/24 అని ఇంకో వరుస, వేరే వైపు చూపిస్తూ ఉండవచ్చు. 172.16.5.9కి వెళ్లే ప్యాకెట్‌కు రెండు వరుసలూ సరిపోతాయి. అలాంటప్పుడు పొడవైన ప్రీఫిక్స్‌దే మాట, అంటే ఇక్కడ 24 బిట్లదే. తంటా అంతా ఇక్కడే ఉంది. ఒక వరుస సరిపోయింది కదా అని రూటరు అక్కడితో ఆగడానికి లేదు. అంతకంటే పొడవుగా సరిపోయేది మరొకటి లేదని కూడా తేలాలి.

1993కు ముందు ఇంత బాధ లేదు. అప్పట్లో చిరునామాలను ఏ, బీ, సీ తరగతులుగా పంచేవారు. చిరునామా మొదటి రెండు మూడు బిట్లు చూస్తేనే ప్రీఫిక్స్ ఎంత పొడవో తెలిసిపోయేది. ఆ పంపకంలో చిరునామాలు విపరీతంగా వృథా అవుతున్నాయని, ఎంత పొడవు ప్రీఫిక్స్ అయినా ఇవ్వవచ్చని ఆ ఏడాది కొత్త ఏర్పాటు చేశారు. చిరునామాల కరువు కొంత తీరింది, వెతుకులాట పెరిగింది. 1990ల మధ్యలో ఇంటర్నెట్ మొత్తానికి ముప్పై నలభై వేల ప్రీఫిక్సులు ఉండేవి. ఇప్పుడు ఐపీవీ4లోనే పది లక్షలకు దగ్గరగా ఉన్నాయి.

ఆనాటి రూటర్లలో ఈ వెతుకులాట చాలావరకు సాఫ్ట్‌వేరే చేసేది. అదే కాలంలో టెలికాం కంపెనీల దగ్గర ఏటీఎం స్విచ్‌లని ఉండేవి. డబ్బులిచ్చే ఏటీఎంకూ వీటికీ సంబంధం లేదు. సమాచారాన్ని 53 బైట్ల ముక్కలుగా కోసి, ముక్క ముక్కకూ ఒక నంబరు వేసి, ఆ నంబరును బట్టే పంపేవి. పొడవైన ప్రీఫిక్స్ గొడవ లేదు కనుక రూటర్ల కంటే ఎంతో వేగంగా పనిచేసేవి. ఐపీ ప్యాకెట్లకు కూడా ఇలా నంబరు తగిలిస్తే పోలేదా అన్న ఆలోచన ఒకేసారి చాలామందికి వచ్చింది. 1996లో ఇప్సిలాన్ అనే చిన్న కంపెనీ ఐపీ స్విచింగ్ అంటూ ముందుకొచ్చింది. కొద్ది నెలల్లోనే సిస్కో తన టాగ్ స్విచింగ్‌ను ప్రకటించింది. ఐబీఎం, తోషిబా కూడా తమ తమ పద్ధతులు తెచ్చాయి. ఎవరి పద్ధతి వారిదే అయితే ఒకరి పెట్టె మరొకరి పెట్టెతో మాట్లాడదు. అందుకని ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 1997లో ఒక బృందాన్ని కూర్చోబెట్టింది. వాళ్లు తేల్చిన ఎంపీఎల్ఎస్ స్వరూపం 2001 జనవరిలో ఆర్ఎఫ్‌సీ 3031 పేరుతో వెలువడింది.

లేబుల్ అంటే 32 బిట్లు, అంటే 4 బైట్లు. ఈథర్నెట్ హెడర్‌కూ ఐపీ హెడర్‌కూ నడుమ దూరి కూర్చుంటుంది. అందులో అసలు నంబరుకు 20 బిట్లు. అంటే పది లక్షలకు పైచిలుకు నంబర్లు వాడుకోవచ్చు. మొదటి 16 నంబర్లను ప్రత్యేక అవసరాలకు పక్కన పెట్టారు. 3 బిట్లు ప్యాకెట్ ప్రాధాన్యం చెప్పడానికి. 8 బిట్లు టీటీఎల్ అనే లెక్కకు. ప్రతి రూటరు దగ్గరా అందులో ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే ప్యాకెట్‌ను పారేస్తారు. దారి తప్పిన ప్యాకెట్ ఎప్పటికీ గిరగిరా తిరుగుతూ ఉండిపోకుండా ఇది కాపలా. మిగిలిన ఒకే ఒక్క బిట్, ఈ లేబుల్ కింద మరో లేబుల్ ఉందా లేక ఇదే అడుగుదా అని చెబుతుంది. చూడటానికి అల్పంగా ఉన్న ఈ ఒక్క బిట్ వల్లే లేబుళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చడం కుదిరింది. మన బ్యాంకు కథంతా ఆ పేర్పు మీదే నడుస్తుంది.

లేబుల్ నంబరును ఎవరు ఇస్తారన్నది చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునే విషయం. ప్యాకెట్ పంపే రూటరు ఇస్తుందనుకుంటారు. ఇచ్చేది పుచ్చుకునే రూటరు. గుడి దగ్గర చెప్పుల స్టాండు టోకెన్ ఎలాంటిదో లేబుల్ అలాంటిది. 47 అని టోకెన్ ఇచ్చేది స్టాండు మనిషే, తిరిగి చదివేదీ అతనే. ఆ అంకెకు అర్థం అతని అరల్లో తప్ప మరెక్కడా లేదు. పక్క ఊరి గుడిలో 47 అంటే ఇంకెవరి చెప్పులో. టోకెన్ చూపించగానే అతను మీ ముఖం చూడడు, చెప్పుల రంగు అడగడు, నేరుగా 47వ అర దగ్గరికి వెళతాడు. రూటరు కూడా అంతే. "ఈ గమ్యానికి పంపేదేమైనా ఉంటే 34 అని రాసి నాకివ్వు" అని పక్క రూటరుకు ముందే చెప్పి పెడుతుంది. 34 వచ్చినప్పుడు తన టేబుల్‌లో 34వ గడికే వెళుతుంది. పొడవైన ప్రీఫిక్స్ ఉందా, పొట్టిది ఉందా అన్న ప్రశ్నే రాదు.

ఇప్పుడు ఒక ప్యాకెట్ వెంట నడుద్దాం. ఊహించిన నెట్‌వర్క్ ఇది, కాని నడక నిజమైనదే. విశాఖపట్నంలో ఒక బ్యాంకు శాఖ. అక్కడి కంప్యూటర్ చిరునామా 10.1.1.20. హైదరాబాదులో ఆ బ్యాంకు డేటా సెంటరు. అక్కడి సర్వర్ 10.200.5.10. నడుమ టెలికాం కంపెనీ రూటర్లు నాలుగు: విశాఖ, రాజమండ్రి, విజయవాడ, హైదరాబాదు. రెండు చివర్లలో ఉన్నవి అంచు రూటర్లు, బ్యాంకు పరికరాలు తగులుకునేది వీటికే. నడిమి రెంటికీ బ్యాంకు అనేది ఒకటుందని కూడా తెలియదు. హైదరాబాదు రూటరుకు సొంతంగా ఒక చిరునామా ఉంది, 172.16.0.4/32.

ప్యాకెట్ బయలుదేరకముందే జరిగిపోయే పనులు కొన్ని ఉన్నాయి. 172.16.0.4 ఎటువైపు ఉందో నాలుగు రూటర్లూ ఓఎస్‌పీఎఫ్ అనే ప్రోటోకాల్ ద్వారా తెలుసుకుంటాయి. దారి కనిపెట్టే పని దానిదే, లేబుల్‌ది కాదు. ఆ తర్వాత ఎల్‌డీపీ అనే మరో ప్రోటోకాల్ రంగంలోకి దిగుతుంది. పక్కపక్క రూటర్లు యూడీపీ 646 పోర్టు మీద పలకరించుకుని, టీసీపీ 646 మీద సంభాషణ మొదలుపెట్టి, తమ తమ లేబుళ్లు చెప్పుకుంటాయి. 172.16.0.4 కోసం విజయవాడ రూటరు రాజమండ్రికి 34 అని చెప్పింది. రాజమండ్రి రూటరు విశాఖకు 21 అని చెప్పింది. హైదరాబాదు రూటరు మాత్రం విజయవాడకు 3 అని చెప్పింది. పక్కన పెట్టిన పదహారు నంబర్లలో ఇదొకటి. "నాకు లేబుల్ వద్దు, నువ్వే పీకేసి పంపు" అని దాని అర్థం. అందువల్ల 3 అనే లేబుల్ ఏ ప్యాకెట్ మీదా తీగల్లో కనిపించదు. చెప్పుకోవడానికే తప్ప అంటించుకోవడానికి పనికిరాని నంబరు అది.

ఇదికాక హైదరాబాదు, విశాఖ అంచు రూటర్లు రెండూ బీజీపీ ద్వారా నేరుగా మాట్లాడుకుంటాయి. "ఈ బ్యాంకు వారి 10.200.5.0/24కి వెళ్లేదైతే లోపల 57 అని పెట్టి నాకు పంపు" అని హైదరాబాదు చెప్పింది.

శాఖ కంప్యూటర్ పంపిన ప్యాకెట్ విశాఖ రూటరుకు వచ్చింది. ఏ పోర్టులో వచ్చిందో చూసి ఇది ఫలానా బ్యాంకుదని గుర్తించి, ఆ బ్యాంకుకు మాత్రమే కేటాయించిన విడి టేబుల్‌లో 10.200.5.10 కోసం వెతుకుతుంది. టెలికాం కంపెనీ లోపల ఈ చిరునామా మీద జరిగే అసలైన వెతుకులాట ఇదొక్కటే. జవాబు దొరికింది: హైదరాబాదు రూటరు, లోపలి లేబుల్ 57. హైదరాబాదు రూటరు చేరాలంటే పై లేబుల్ 21. రెండూ పేర్చి రాజమండ్రి వైపు వదిలింది.

రాజమండ్రి రూటరు పై లేబుల్ 21ని చూస్తుంది. దాని టేబుల్‌లో ఆ వరుస ఇలా ఉంటుంది. కొన్ని నిలువు వరుసలు తీసేసి చూపిస్తున్నాను.

```
Local  Outgoing  Prefix         Interface  Next Hop
21     34        172.16.0.4/32  Gi0/1      10.0.23.3
```

అంటే 21 వస్తే, దాన్ని చెరిపి 34 రాసి, ఫలానా పోర్టులో విజయవాడకు వదలాలి. కింద 57 ఉందని గాని, దాని కింద 10.200.5.10 ఉందని గాని అది చూడనే చూడదు. విజయవాడ రూటరు 34 చూసి, హైదరాబాదు కోరినట్టే పై లేబుల్ పీకేసి పంపుతుంది. హైదరాబాదు చేరేసరికి ప్యాకెట్ మీద 57 ఒక్కటే మిగిలింది. అది తానిచ్చిన నంబరే కనుక, ఏ బ్యాంకుదో ఏ పోర్టులో వదలాలో హైదరాబాదు రూటరుకు వెంటనే తెలుస్తుంది. లేబుల్ తీసేసి, మొదట ఎలా వచ్చిందో అలాంటి ఐపీ ప్యాకెట్‌ను బ్యాంకు రూటరుకు అప్పగిస్తుంది. చివరి రూటరుకు ముందే పై లేబుల్ పీకించడంలోని లాభం ఇప్పుడు తేటపడుతుంది. లేకపోతే హైదరాబాదు రూటరు ఒకే ప్యాకెట్‌కు రెండుసార్లు టేబుల్ చూడాల్సి వచ్చేది. సర్వర్ ఇచ్చే జవాబు ఇదే దారిలో వెనక్కి రావాలని లేదు. దానికి విశాఖ వైపు వేరే లేబుళ్ల గొలుసు ఉంటుంది. ఒక గొలుసు ఒకే దిక్కుకు పనిచేస్తుంది.

ఇంత చెప్పాక "అయితే ఇది ఐపీ కంటే ఎంత వేగం?" అని అడగాలనిపిస్తుంది. నేటి రూటర్లలో తేడా లేదనే చెప్పాలి. 1997లోనే స్వీడన్‌లోని లూలియో విశ్వవిద్యాలయం పరిశోధకులు, 40,000 వరుసల టేబుల్‌ను 150–160 కిలోబైట్లలోకి కుదించి, మామూలు ప్రాసెసర్ క్యాష్‌లోనే వెతకవచ్చని చూపించారు. ఆ తర్వాత రెండు మూడేళ్లలో పొడవైన ప్రీఫిక్స్‌ను చిప్‌లోనే వెతికే రూటర్లు బజారులోకి వచ్చేశాయి. ఎంపీఎల్ఎస్ ప్రమాణం అచ్చయ్యే నాటికే వేగం వాదన చల్లబడింది. ఇప్పటికీ కొన్ని పాఠ్య పుస్తకాల్లో, ఇంటర్వ్యూ ప్రశ్నల్లో "లేబుల్ స్విచింగ్ వేగమైనది కనుక వాడతారు" అనే జవాబు కనిపిస్తుంది. అది పాతికేళ్ల కిందటి జవాబు.

నిలబెట్టిన కారణం పైన మన ప్యాకెట్ నడకలోనే ఉంది. నడిమి రూటర్లకు ఏమీ తెలియనక్కర్లేదు. దేశమంతటా వంద అంచు రూటర్లున్న కంపెనీ అనుకోండి. రాజమండ్రి రూటరుకు కావలసింది ఆ వంద చిరునామాలు, తమ లోపలి లింకులు, అంతే. ఇంటర్నెట్ లోని పది లక్షల ప్రీఫిక్సులు దానికి అక్కర్లేదు. వేలాది ఖాతాదారు సంస్థల చిరునామాలూ అక్కర్లేదు. మీదుమిక్కిలి, 10తో మొదలయ్యే చిరునామాలు ఎవరైనా తమ లోపల వాడుకోదగిన ప్రైవేటు చిరునామాలు. విశాఖలో రెండు బ్యాంకుల శాఖలకు ఒకే 10.1.1.20 ఉండవచ్చు. చిరునామా చూసి పంపే రూటరుకు ఈ ఇద్దరినీ వేరు చేసే మార్గం లేదు. చిరునామా చూడని రూటరుకు ఆ చిక్కే లేదు. ఒక బ్యాంకుది 57, మరొకదానిది 58. ఈ ఏర్పాటు మొదట 1999లో ఆర్ఎఫ్‌సీ 2547గా వచ్చింది, 2006లో 4364గా స్థిరపడింది. మన దేశంలో బీఎస్ఎన్ఎల్ సహా టెలికాం కంపెనీలు బ్యాంకులకు, ప్రభుత్వ శాఖలకు ఎంపీఎల్ఎస్ వీపీఎన్ పేరుతో అమ్ముతున్నది దీన్నే. కౌంటరు దగ్గర మనం వినే లింకు ఇదే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వీపీఎన్ అనగానే రహస్య లిపి ఏదో ఉంటుందని అనుకుంటారు. ఎంపీఎల్ఎస్ వీపీఎన్‌లో అలాంటిదేమీ లేదు. ఒకరి ప్యాకెట్ మరొకరికి చేరకుండా విడదీస్తుందే గాని, దారిలో తీగను చదవగలిగినవాడికి ప్యాకెట్ లోపలిది తెరిచిన ఉత్తరమే. అందుకే జాగ్రత్తగల సంస్థలు తమ సమాచారాన్ని తామే సంకేత లిపిలోకి మార్చి ఆ పైన లేబుళ్ల దారిలో పెడతాయి.

నడిమి రూటర్ల ఈ అజ్ఞానమే ఒక్కోసారి కొంప ముంచుతుంది. ఎలాగో చూద్దాం. రాజమండ్రి–విజయవాడ లింకును రాత్రి మరమ్మతులో పాత పోర్టు నుంచి కొత్త పోర్టుకు మార్చారనుకుందాం. ఇంజనీరు కొత్త పోర్టుకు ఐపీ చిరునామా ఇచ్చాడు, ఓఎస్‌పీఎఫ్ నడుస్తోంది. కాని ఆ పోర్టు కింద `mpls ip` అనే ఒక్క ఆదేశం ఇవ్వడం మరిచిపోయాడు. ఎల్‌డీపీ మొదలుకాలేదు. తెల్లవారి పది గంటలకు శాఖ తెరిచారు. కోర్ బ్యాంకింగ్ తెర రావడం లేదు. టెలికాం కంపెనీకి ఫోను చేస్తే వాళ్లు విశాఖ రూటరు నుంచి హైదరాబాదు రూటరుకు పింగ్ కొట్టి "మా వైపు అంతా బాగుందండీ" అన్నారు. వాళ్లు అబద్ధం ఆడలేదు. పింగ్ నిజంగానే వెళ్లి తిరిగి వచ్చింది.

రాజమండ్రి టేబుల్ చూస్తే గుట్టు బయటపడుతుంది.

```
Local  Outgoing  Prefix         Interface  Next Hop
21     No Label  172.16.0.4/32  Gi0/2      10.0.23.3
```

విజయవాడ నుంచి లేబుల్ రాలేదు కనుక 34 ఉండవలసిన చోట `No Label` అని ఉంది. ఇప్పుడు రెండు రకాల ప్యాకెట్లను పోల్చి చూడండి. పింగ్ ప్యాకెట్ 172.16.0.4కే వెళుతోంది. దాని మీద ఉన్నది 21 ఒక్కటే, అడుగు బిట్ వెలిగి ఉంది. రాజమండ్రి రూటరు ఆ లేబుల్ తీసేసి, కింద ఉన్నది ఐపీ ప్యాకెట్ కనుక మామూలు ఐపీ పద్ధతిలో విజయవాడకు పంపేస్తుంది. విజయవాడకు 172.16.0.4 ఎటో ఓఎస్‌పీఎఫ్ చెప్పే ఉంది. అలా గమ్యం చేరిపోతుంది. అంచు రూటర్ల మధ్య బీజీపీ సంభాషణ కూడా ఇలాగే నడుస్తుంది కాబట్టి అదీ తెగదు, అలారం మోగదు. బ్యాంకు ప్యాకెట్ సంగతి వేరు. దాని మీద 21, కింద 57 ఉన్నాయి. 21 కింద ఇంకో లేబుల్ ఉందని అడుగు బిట్ చెబుతోంది. లేబుల్ లేకుండా పంపాలి, కింద చూస్తే తనకు అర్థంకాని 57. రాజమండ్రి రూటరు ఆ ప్యాకెట్‌ను పారేస్తుంది. కంపెనీ సొంత ప్యాకెట్లు వెళతాయి, ఖాతాదారువి పోతాయి. ఫోనులో ఇరుపక్షాలూ "మాది బాగుంది" అని వాదించుకోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

మామూలు పింగ్‌కు చిక్కని ఈ జబ్బును పట్టుకోవడానికే వేరే పింగ్ ఉంది. సిస్కో రూటర్లలో ఇలా అడుగుతారు.

```
ping mpls ipv4 172.16.0.4/32
```

ఈ పరీక్ష ప్యాకెట్‌లోని గమ్యం చిరునామా 172.16.0.4 కాదు, 127తో మొదలయ్యేది. ఆ చిరునామాలు యంత్రం తనలో తాను మాట్లాడుకోవడానికి పెట్టినవి, వాటిని ఏ రూటరూ ముందుకు పంపకూడదు. ఆ నిషేధమే ఇక్కడ ఎర. లేబుళ్ల గొలుసు సజావుగా ఉంటే ప్యాకెట్ హైదరాబాదు చేరుతుంది. దారిలో ఎక్కడైనా లేబుల్ ఊడితే, ఐపీ పద్ధతిలో ముందుకు జారిపోయే వీలు లేదు, అక్కడే ఆగిపోతుంది. పరీక్ష తప్పిందని విశాఖలో తెలుస్తుంది. ఎంపీఎల్ఎస్‌లో నాకు బాగా నచ్చిన ఆలోచన ఏదంటే దీన్నే చెబుతాను.

రోగం రాకుండా కూడా మార్గాలున్నాయి. ఓఎస్‌పీఎఫ్ కింద `mpls ldp autoconfig` అని రాస్తే, ఓఎస్‌పీఎఫ్ నడిచే ప్రతి పోర్టులోనూ ఎల్‌డీపీ దానంతటదే మొదలవుతుంది, మరిచిపోవడానికి చోటుండదు. ఎల్‌డీపీ మొదలై మధ్యలో తెగిపోతే, ఉదాహరణకు ఎవరో పెట్టిన ఫిల్టర్ టీసీపీ 646ను అడ్డుకుంటే, దానికి `mpls ldp sync` ఉంది. లేబుళ్లు అందేదాకా ఆ లింకు ఖరీదును ఓఎస్‌పీఎఫ్ గరిష్ఠంగా 65,535 అని ప్రకటిస్తుంది. వేరే దారి ఉంటే ప్యాకెట్లు అటు తిరిగిపోతాయి. మొదటిది మరపుకు మందు, రెండోది తెగిపోవడానికి. ఒకదాని పని రెండోది చేయదు. పోర్టులో ఎల్‌డీపీనే పెట్టనప్పుడు కనిపెట్టుకుని ఉండడానికి రెండోదానికి ఏమీ ఉండదు.

ఇంకో జబ్బు దీనికంటే మాయదారిది. ఈథర్నెట్ మామూలుగా 1500 బైట్ల ఐపీ ప్యాకెట్ దాకా మోస్తుంది. రెండు లేబుళ్లు పేరిస్తే 8 బైట్లు కలిసి 1508 అవుతుంది. నడిమి లింకుల్లో ఏ ఒక్కటైనా 1500 దగ్గరే బిగించి ఉంటే నిండు ప్యాకెట్లు పట్టవు. చిన్నవి హాయిగా వెళ్లిపోతాయి. కాబట్టి పింగ్ పలుకుతుంది, లాగిన్ తెర కూడా వస్తుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది. పెద్ద స్టేట్‌మెంట్ అడగగానే తెర అలాగే నిలబడిపోతుంది. శాఖలో విండోస్ కంప్యూటర్ నుంచి ఇలా చూడవచ్చు.

```
ping -f -l 1472 10.200.5.10
```

1472కు హెడర్లు 28 బైట్లు కలిస్తే సరిగ్గా 1500. ముక్కలు చేయవద్దని `-f` చెబుతుంది. ఇది జవాబు లేకుండా ఆగిపోయి, అంకె కొద్దిగా తగ్గిస్తే పలికిందంటే, దారిలో ఎక్కడో 1500 కంటే ఇరుకుందని అర్థం. ఆ ఇరుకు లేబుళ్ల వల్ల వచ్చిందా మరొకందువల్లనా అన్నది ఈ ఒక్క పరీక్షతో తేలదు. కాని ఫిర్యాదులో "లింకు స్లోగా ఉంది" అని రాసేకంటే "1472 వెళ్లడం లేదు, 1464 వెళుతోంది" అని రాస్తే ఆ 8 బైట్ల తేడా చూసిన ఇంజనీరుకు ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.

ఇప్పుడు టెలికాం కంపెనీల్లో ఎల్‌డీపీ స్థానంలో సెగ్మెంట్ రూటింగ్ అనే ఏర్పాటు విస్తరిస్తోంది. లేబుళ్లు పంచడానికి విడిగా ఒక ప్రోటోకాల్ అక్కర్లేదు, దారి చెప్పే ఓఎస్‌పీఎఫ్ లాంటిదే లేబుళ్లనూ చెప్పేస్తుంది. అలా చేస్తే మనం చూసిన మరపు జబ్బు చాలావరకు మూలంలోనే పోతుంది. కాని ప్యాకెట్ మీద పేర్చేది మాత్రం అదే 4 బైట్ల లేబుల్.

మీ ఇంటి ఇంటర్నెట్ కూడా ఇలాంటి రూటర్ల మీదుగానే పోతుండవచ్చు. లినక్స్ కంప్యూటర్ ఉంటే `traceroute -e` అని కొట్టి పక్కన ఏదైనా వెబ్‌సైట్ పేరు రాసి చూడండి. దారిలో లేబుళ్లు మోసే రూటరు ఏదైనా దాపరికం లేకుండా జవాబిస్తే ఆ వరుసలో ఇలా కనిపిస్తుంది.

```
<MPLS:L=21,E=0,S=1,T=1>
```

`L` లేబుల్ నంబరు, `E` ప్రాధాన్యం బిట్లు, `S` అడుగు బిట్, `T` టీటీఎల్. అలాంటి వరుస ఒక్కటీ రాకపోతే లేబుళ్లు లేవని అనుకోకండి. తమ లోపలి దారి బయటివారికి కనిపించకుండా చాలా కంపెనీలు టీటీఎల్ లెక్కను ప్యాకెట్ నుంచి లేబుల్‌కు ఎక్కించడం మానేస్తాయి. అప్పుడు విశాఖ తర్వాత నేరుగా హైదరాబాదే కనిపిస్తుంది.